మొదటి మెయిల్‌లో మిర్చి ధర

గుంటూరు యార్డులో తేజ మిర్చి క్వింటా ఎంత పలుకుతోందో తెలుసుకోవడం కౌలాలంపూర్ దిగుమతిదారుకు కష్టమేమీ కాదు. అలాంటాయనకు కొత్త ఎగుమతిదారు ఒకరు "నాణ్యమైన సరుకుంది, ధర మాట్లాడుకుందాం" అని మెయిల్ పెడితే అందులో ఆయనకు పనికొచ్చే ముక్క ఏముంది? "రేటెంత?" అని తిరిగి అడగాలి, జవాబు కోసం చూడాలి. ఈలోగా ధర రాసి పంపిన మరొకరితో బేరం మొదలవుతుంది. రకం, గ్రేడు చెప్పగానే అందరికీ అర్థమయ్యే సరుకుకు ధర దాచి లాభం లేదు.

అయితే అంకె ఒక్కటే రాసి ఊరుకుంటే ముప్పే. ఒక లెక్క వేసి చూద్దాం. యార్డులో క్వింటా 15,000 అనుకుంటే కిలో 150 రూపాయలు. తొడిమ తీయడం, అందులో పోయే తూకం, తాలు ఏరివేత, సంచులు, చెన్నై రేవు దాకా లారీ, అక్కడి ఖర్చులు కలిపి మరో 20. లాభం 6. మొత్తం 176. డాలరు 88 రూపాయలు అనుకుంటే టన్ను 2,000 డాలర్లు.

"టన్ను 2,000 డాలర్లు" అని మాత్రమే రాస్తే, ఓడ కిరాయి కూడా అందులోనే ఉందని కొనేవారు అనుకోవచ్చు. రెండు వారాల తర్వాత, యార్డులో ధర ఎగబాకాక, అదే మెయిల్ చూపించి సరుకు పంపమనవచ్చు. అందుకే ధరతోపాటు షరతులూ ఒకే వాక్యంలో ఉండాలి: "తేజ, తొడిమ తీసినది, టన్ను 2,000 డాలర్లు, ఎఫ్‌ఓబీ చెన్నై, ఈ శుక్రవారం సాయంత్రం వరకే." ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడెక్కే దాకా ఖర్చు అమ్మేవారిది, ఆపైన కిరాయి, బీమా కొనేవారివి.

కారం పొడి సంగతి వేరు. రంగు ఎంత, ఘాటు ఎంత, పొడి ఎంత మెత్తన, ఏ ల్యాబు పరీక్షలు, ఎవరి బ్రాండు ప్యాకెట్టు అన్నవి తేలకుండా రాసే ధర ఊహే అవుతుంది. తక్కువ రాస్తే తర్వాత పెంచాలి, అప్పుడు మాట పోతుంది. ఎక్కువ రాస్తే బేరం అక్కడే ఆగుతుంది. ఇక్కడ ధర ఆపి, రంగు, ప్యాకింగ్ గురించి రెండే ప్రశ్నలు అడిగి, జవాబొచ్చిన మర్నాడే కొటేషన్ పంపుతామని రాయడం మేలు.

ఏ పద్ధతి పనిచేస్తోందో తేల్చుకోవాలంటే, ఒకే తరహా కొనుగోలుదార్లలో సగం మందికి ధరతో, సగం మందికి ధర లేకుండా పంపి చూడవచ్చు. ఎన్ని జవాబులొచ్చాయన్నది కాదు, ఎందరు శాంపిల్ అడిగారన్నది లెక్కపెట్టాలి. ధర లేని మెయిల్‌కు వచ్చే జవాబుల్లో ఉత్త రేటు వాకబులే ఎక్కువగా ఉండొచ్చు. ధర చూశాక కూడా శాంపిల్ అడిగేవారు చాలావరకు కొనే ఆలోచనతోనే అడుగుతారు.