మూడు ఊళ్ల మీటింగ్‌కు ముహూర్తం

ఏటా మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో చాలా రాష్ట్రాలు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతాయి. బ్రిటన్ అదే పని మార్చి చివరి ఆదివారం చేస్తుంది. మన దగ్గర గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు. 2026లో ఆ రెండు ఆదివారాలు మార్చి 8, మార్చి 29. ఈ రెంటి మధ్య మూడు వారాల్లో హైదరాబాద్, లండన్, డాలస్‌లలో ఉన్నవాళ్లను ఒకే కాల్‌లో కూర్చోబెట్టాలనుకునే వాళ్లకు అలవాటైన లెక్కలేవీ పనికిరావు. డాలస్‌కూ లండన్‌కూ ఏడాదిలో ఎక్కువ భాగం ఆరు గంటల తేడా ఉంటే, ఆ మూడు వారాలు ఐదే. హైదరాబాద్‌కూ డాలస్‌కూ చలికాలమంతా పదకొండున్నర గంటలు ఉన్న తేడా మార్చి 8తో పదిన్నరకు తగ్గుతుంది. లండన్‌తో మాత్రం 29 దాకా పాత ఐదున్నరే ఉండి, ఆ తర్వాత నాలుగున్నర అవుతుంది.

ఈ అరగంట మన సొంతం. భారత ప్రామాణిక కాలాన్ని కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కిస్తారు. పదిహేను డిగ్రీలకు ఒక గంట చొప్పున గ్రీన్‌విచ్‌కు ఐదున్నర గంటలు ముందున్నాం. లండన్‌లోనో డాలస్‌లోనో కూర్చున్న మనిషి తొందరలో నోటిలెక్క వేసేటప్పుడు ముందుగా మర్చిపోయేది ఆ అరగంటనే.

ఇలాంటి టీమ్‌లో మీటింగ్ అడిగే మెయిల్ ఎలా ఉండాలో చూడటానికి ఒక సందర్భాన్ని ఊహిద్దాం. ఒక కంపెనీ పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తదానికి మారుతోంది. కోడ్ రాసేవాళ్లు హైదరాబాద్‌లో, లెక్కలు చూసేవాళ్లు లండన్‌లో, కస్టమర్ల ఫోన్లు తీసేవాళ్లు డాలస్‌లో ఉన్నారు. ఏ శనివారం రాత్రి మారాలో మూడు చోట్ల వాళ్లూ కలిసి తేల్చుకోవాలి. మీటింగ్ పెట్టించే పని హైదరాబాద్ టీమ్ లీడ్‌ది. అది మార్చి 11, బుధవారం.

చాలామంది ఇక్కడ రాసే మెయిల్ రెండు వాక్యాలే ఉంటుంది. ‘మైగ్రేషన్ గురించి వచ్చే వారం ఒకసారి కనెక్ట్ అవుదాం. మీకెప్పుడు వీలవుతుందో చెప్పండి.’ చూడటానికి మర్యాదగానే ఉంటుంది. కానీ హైదరాబాద్‌లో ఉదయం 11 గంటలకు పంపిన ఆ మెయిల్ డాలస్‌కు రాత్రి పన్నెండున్నరకు చేరుతుంది. అక్కడి మనిషి ఉదయం తొమ్మిదికి ఆఫీసుకొచ్చి జవాబిచ్చేసరికి హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర. టీమ్ లీడ్ దాన్ని చూసేది గురువారం ఉదయం. ‘మంగళవారం అయితే ఓకే, ఎన్ని గంటలకు?’ అని అందులో ఉంటే ఇంకో రోజు పోయినట్టే. ‘అసలు ఏం తేల్చాలి?’ అని లండన్ అడిగితే మరో రోజు. ఒకే ఆఫీసులో పక్క సీటుకు తిరిగి రెండు నిమిషాల్లో అడిగేసే ప్రశ్న, ఊళ్లు మారగానే ఒక రోజు మింగుతుంది. అందుకే ఈ రకం మెయిల్ రాసేవాళ్లు ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. చదివిన మనిషి తిరిగి ఏ ప్రశ్నా అడగకుండా, ఏ లెక్కా వేయకుండా జవాబు ఇవ్వగలగాలి.

ఆ టీమ్ లీడ్ పంపాల్సిన మెయిల్‌ను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

‘కొత్త బిల్లింగ్‌కు మార్చి 28 రాత్రి మారాలా, ఏప్రిల్ 11 రాత్రి మారాలా అన్నది తేల్చడానికి 45 నిమిషాల మీటింగ్ కావాలి. కింది మూడింటిలో మీకు అసలు వీలుకానివి ఏవో చెప్పండి.

ఒకటి: మార్చి 17, మంగళవారం. హైదరాబాద్ రాత్రి 7:00, లండన్ మధ్యాహ్నం 1:30, డాలస్ ఉదయం 8:30.

రెండు: మార్చి 18, బుధవారం. హైదరాబాద్ రాత్రి 8:30, లండన్ మధ్యాహ్నం 3:00, డాలస్ ఉదయం 10:00.

మూడు: మార్చి 23, సోమవారం. హైదరాబాద్ సాయంత్రం 5:30, లండన్ మధ్యాహ్నం 12:00, డాలస్ ఉదయం 7:00.

అమెరికాలో గడియారం మారింది, లండన్‌లో ఇంకా మారలేదు. పై సమయాలు దాన్ని లెక్కలోకి తీసుకున్నవే. మార్చి 19 ఉగాది, హైదరాబాద్ ఆఫీసుకు సెలవు. మార్చి 13, శుక్రవారం హైదరాబాద్ రాత్రి 8:00, లండన్ మధ్యాహ్నం 2:30, డాలస్ ఉదయం 9:30 లోపు అభ్యంతరాలు రాకపోతే మొదటిదే ఖాయం.’

ఇందులో మొదట గమనించాల్సింది ‘వీలుకానివి చెప్పండి’ అన్న మాట. వీలైనవి అడిగితే ముగ్గురూ మూడు రకాల ఇష్టాలు చెబుతారు, మళ్లీ సర్దుబాటు మొదలవుతుంది. వీలుకానివి అడిగితే మిగిలింది దానంతటదే తేలుతుంది. గడువు దాటితే ఏది ఖాయమో కూడా ముందే చెప్పడం వల్ల, జవాబివ్వని ఒక్కరి కోసం అందరూ ఆగనక్కర్లేదు.

రెండోది, సమయాల ఎంపిక. అవి ఊరికే వేసినవి కావు. ఆ మూడు వారాల్లో డాలస్‌లో ఉదయం తొమ్మిదైతే లండన్‌లో మధ్యాహ్నం రెండు, హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర. మూడు చోట్లా ఆఫీసు వేళలు కలిసే గంట ఒక్కటీ లేదు. ఎవరో ఒకరు తమ సొంత సమయం ఇవ్వాల్సిందే. చాలా కంపెనీల్లో ఆ ఒకరు ఎప్పుడూ హైదరాబాదే అవుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకు మీటింగంటే పిల్లల భోజనం వేళ, లేదా ఇంటికెళ్లే క్యాబ్‌లో ఫోన్ చెవిన పెట్టుకుని సిగ్నల్ కోసం వెతుక్కునే వేళ. మూడో ఎంపికలో డాలస్ వాళ్లను ఉదయం ఏడింటికి రమ్మని అడగడం అందుకే. ఆ ఎంపిక నెగ్గకపోయినా, బరువు ఎవరు మోస్తున్నారో అందరికీ కనబడుతుంది. ఇలా అడగడం తప్పేమీ కాదు, అడగాలి కూడా.

మూడోది ఊళ్ల పేర్లు. ‘ఐఎస్‌టీ’ అని రాస్తే మనకు భారత కాలం. ఐర్లండ్‌లో వేసవి కాలానికీ, ఇజ్రాయెల్ కాలానికీ అవే అక్షరాలు. ‘సీఎస్‌టీ’ అంటే డాలస్ చలికాలపు గడియారం కావచ్చు, చైనా గడియారమూ కావచ్చు. మార్చి 8 తర్వాత డాలస్‌కు ఆ మాట వాడటమే తప్పు. ఊరి పేరు రాస్తే ఈ గొడవ ఉండదు. క్యాలెండర్‌లో టైమ్ జోన్ ఎంచుకునే చోట కూడా Asia/Kolkata, Europe/London లాంటి ఊరి పేర్లు ఉంటే వాటినే తీసుకోవాలి. డాలస్‌కు విడిగా పేరుండదు, అది America/Chicago కిందికి వస్తుంది.

ఇక ఎజెండా. ‘రిహార్సల్ ఫలితాలు, తేదీ, ఇతరాలు’ అని మూడు ముక్కలు రాస్తే ఎజెండా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ, ఏం తేల్చాలో ఎవరికీ అర్థం కాదు. అదే మూడు ప్రశ్నలుగా రాస్తే సంగతి మారుతుంది. రిహార్సల్‌లో బయటపడిన లోపాల్లో మారకుండా మనల్ని ఆపేవి ఏవి? దీనికి 15 నిమిషాలు. మార్చి 28నా, ఏప్రిల్ 11నా? దీనికి 20. మారాక తేడా వస్తే పాతదానికి వెనక్కి వెళ్దామని చెప్పే అధికారం ఆ రాత్రి ఎవరిది? దీనికి 10.

రెండో ప్రశ్నకు ఇరవై నిమిషాలు ఎందుకంటే అందులో మళ్లీ గడియారమే ఉంది. మార్చి 28 శనివారం రాత్రి గడిచి తెల్లవారితే 29. లండన్‌లో ఒంటిగంట కాగానే గడియారం రెండుకు దూకుతుంది. హైదరాబాద్‌లో అప్పుడు ఉదయం ఆరున్నర. ఒంటిగంటన్నరకు నడవాలని లండన్ సమయంతో పెట్టిన పని ఏదైనా ఉంటే, ఆ రోజు అక్కడ ఒంటిగంటన్నర అనేదే లేదు. ఆ పని ఆగిపోతుందా, వేరే వేళకు నడుస్తుందా అన్నది ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎలా రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. పోనీ వారం జరుపుదామంటే ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే, 5 ఈస్టర్. లండన్ ఆఫీసుకు శుక్రవారం నుంచి సోమవారం దాకా సెలవులే. అందుకే ఏప్రిల్ 4ను అసలు ప్రతిపాదించలేదు. ఈ రెండు కారణాలను మెయిల్‌లో ఒక్కొక్క వాక్యంలో రాసేస్తే, ‘ఏప్రిల్ 4 ఎందుకు కాదు?’ అనే చర్చకు మీటింగ్‌లో పది నిమిషాలు పోవు.

ముందస్తు పని దగ్గరే ఎక్కువ మెయిళ్లు తేలిపోతాయి. ‘అందరూ ప్రిపేరై రండి’ అంటే ఎవరూ ప్రిపేర్ కారు. ఎవరు, ఏది, ఎప్పటిలోగా అన్నది పేరు పేరునా ఉండాలి. ఇక్కడ హైదరాబాద్ రిహార్సల్‌లో వచ్చిన లోపాలను రెండు పేజీల్లో రాయాలి. మార్చి, ఏప్రిల్ బిల్లులు ఏ తేదీల్లో మూస్తారో లండన్ చెప్పాలి. ఆ రెండు వారాంతాల్లో ఫోన్ల దగ్గర ఎంతమంది ఉండగలరో డాలస్ చెప్పాలి. అన్నీ కలిపి చదవడానికి పదిహేను నిమిషాలకు మించకూడదు, ఆ మాట కూడా మెయిల్‌లో ఉండాలి. గంట పడుతుందని భయపడ్డవాళ్లు ఫైలే తెరవరు.

గడువు దగ్గర ఇంకో చిక్కుంది. ‘సోమవారం ఈఓడీ’ అంటే ఎవరి సోమవారం? డాలస్‌లో సోమవారం సాయంత్రం ఐదంటే హైదరాబాద్‌లో మంగళవారం తెల్లవారుజాము మూడున్నర. ఆ కాగితాలు హైదరాబాద్ వాళ్లకు మీటింగ్ రోజునే చేతికొస్తాయి. దానికి బదులు ‘మార్చి 16, సోమవారం, హైదరాబాద్ సాయంత్రం 6:30, లండన్ 1:00, డాలస్ ఉదయం 8:00’ అని రాస్తే అందరికీ చదువుకునే వ్యవధి మిగులుతుంది. అయితే డాలస్ మనిషి తన వంతు శుక్రవారమే పూర్తి చేసుకోవాల్సి వస్తుంది. ఆ సంగతి వాళ్లకు విడిగా చెప్పడం మేలు.

ఇదే టీమ్‌లో మెల్‌బోర్న్‌లో ఒకరున్నారనుకుంటే మొదటి ఎంపిక వాళ్లకు బుధవారం రాత్రి పన్నెండున్నర. వాళ్ల కోసం వెతికితే లండన్‌కు అర్ధరాత్రి దాటుతుంది. నలుగురికీ సరిపోయే గంట లేదు. అలాంటప్పుడు మెల్‌బోర్న్ మనిషిని నిద్రలేపకుండా, ఆ మూడు ప్రశ్నలకు వాళ్ల జవాబును సోమవారంలోగా రాతలో తీసుకుని మీటింగ్ మొదట్లో చదివి వినిపించడమే సరైన దారి. రికార్డింగ్ పంపితే చాలదు. అప్పటికి నిర్ణయం అయిపోయి ఉంటుంది.

శుక్రవారం జవాబులు వచ్చాయనుకుందాం. మంగళవారం లండన్‌కు ఆడిటర్లు వస్తున్నారు కాబట్టి వీలుకాదు. డాలస్‌కు సోమవారం ఏడింటికి వీలుకాదు. మిగిలింది బుధవారం రాత్రి ఎనిమిదిన్నర. టీమ్ లీడ్ దానికి క్యాలెండర్ ఇన్వైట్ పంపి, మంగళ, సోమవారాల్లో పెట్టుకున్న తాత్కాలిక బుకింగ్‌లు తీసేయాలి. మీటింగ్ ఒక రోజు వెనక్కి జరిగింది కాబట్టి కాగితాల గడువునూ మంగళవారం అదే వేళకు మార్చి ఇన్వైట్‌లోనే రాయాలి. పాత మెయిల్‌లో సోమవారమని, ఇన్వైట్‌లో ఏమీ లేదని ఉంటే, డాలస్‌లో ఒకరు వారాంతమంతా పనిచేసి ఉంటారు, లండన్‌లో ఇంకొకరు అసలు మొదలే పెట్టి ఉండరు.