చందాదారు చెల్లించేది, చేతికందేది

2024 జనవరి 16న అమెరికా సుప్రీంకోర్టు ఎపిక్ గేమ్స్, యాపిల్ సంస్థల వివాదంలో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. యాప్‌లోపల బయటి చెల్లింపు పేజీకి లింకు ఇవ్వకుండా డెవలపర్లను యాపిల్ అడ్డుకోరాదని 2021 సెప్టెంబరులో కాలిఫోర్నియా న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ ఇచ్చిన ఉత్తర్వు దానితో అమలులోకి వచ్చింది. యాపిల్ లింకులను అనుమతించింది. అయితే ఆ లింకు నొక్కి, వారం రోజులలోగా వెబ్‌లో కొన్నవారి సొమ్ములో 27 శాతం తనకు చెల్లించాలన్నది. యాప్ స్టోర్‌లో మామూలు కమీషన్ 30 శాతం. అంటే తగ్గించినది మూడు శాతం.

ఆ మూడు శాతం విలువ ఎంతో తేల్చడానికి చిన్న లెక్క చాలు. ప్రవాసుల పిల్లలకు తెలుగు నేర్పే ఒక యాప్ ఉన్నదనీ, దాని నెలసరి చందా 9.99 డాలర్లనీ అనుకుందాం. యాప్ స్టోర్ ద్వారా కొంటే 30 శాతం పోగా డెవలపర్‌కు 6.99 డాలర్లు మిగులుతాయి. అదే చందాను వెబ్‌లో స్ట్రైప్ వంటి సంస్థ ద్వారా వసూలు చేస్తే, దేశీయ కార్డులపై దాని ప్రకటిత రుసుము 2.9 శాతం, దానిపై లావాదేవీకి 30 సెంట్లు. ప్రతినెలా చందాను తానే పునరుద్ధరించే సదుపాయానికి మరో 0.7 శాతం. ఇవన్నీ కలిపి 66 సెంట్లు పోగా 9.33 డాలర్లు మిగలాలి. కాని యాపిల్‌కు 27 శాతం, అంటే 2.70 డాలర్లు ఇచ్చుకుంటే మిగిలేది 6.63. యాప్ స్టోర్‌లోనే ఉండిపోయినవానికంటే 36 సెంట్లు తక్కువ! 2024 మే నెల విచారణ నాటికి దాదాపు 1,36,000 మంది డెవలపర్లలో 34 మంది మాత్రమే ఈ పథకానికి దరఖాస్తు చేశారంటే ఆశ్చర్యం లేదు.

న్యాయమూర్తి కూడా ఈ లెక్కనే పట్టుకున్నారు. బయటి చెల్లింపు ఖర్చు మూడు శాతాన్ని మించుతుందని యాపిల్‌కు ముందే తెలుసునని నిర్ధారించి, 2025 ఏప్రిల్ 30న ఆ సంస్థ కోర్టు ధిక్కారానికి పాల్పడిందని తీర్పునిచ్చారు. అమెరికా స్టోర్‌లో లింకు ద్వారా జరిగే కొనుగోళ్ళపై ఏ కమీషనూ తీసుకోరాదన్నారు. ఆ ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టు ధిక్కార నిర్ధారణను సమర్థించింది. పూర్తి నిషేధం మాత్రం మితిమీరినదని, ఏదో ఒక మేర రుసుముకు అవకాశం ఉండాలని కేసును తిప్పి పంపింది. కనుక ఇకముందు వెబ్ లెక్క వేసేవారు లింకు రుసుము అనే గడిని సున్నాతో నింపి వదిలేయరాదు, మార్చి చూసుకోవాలి.

లింకు రుసుము లేనప్పుడు 6.99 ఎక్కడ, 9.33 ఎక్కడ అనిపిస్తుంది. కాని 30 శాతం అందరికీ వర్తించేది కాదు. ఒకే చందాదారు సంవత్సరంపాటు చెల్లింపులు కొనసాగిస్తే అటుపై యాపిల్ వాటా 15 శాతానికి తగ్గుతుంది. ఏడాదికి పది లక్షల డాలర్లకు మించని రాబడి గల డెవలపర్లకు, చిన్న వ్యాపారాల పథకంలో చేరితే, 2021 నుంచి మొదటి నెలలోనే 15 శాతం. గూగుల్ ప్లే 2022 నుంచి చందాలన్నిటికీ మొదటి రోజునుంచే 15 శాతం చేసింది. మన తెలుగు యాప్ ఈ కోవలోనిదే కావచ్చు. అప్పుడు పోల్చవలసినవి 8.49, 9.33. తేడా 84 సెంట్లు.

చందా ధర తగ్గేకొద్దీ ఈ తేడా కరిగిపోతుంది. కారణం ఆ స్థిరమైన 30 సెంట్లు. 2.99 డాలర్ల చందాపై స్టోర్ 2.54 ఇస్తే వెబ్ 2.58 ఇస్తుంది. 1.99కి దిగితే స్టోర్‌లో 1.69, వెబ్‌లో 1.62. ఇక్కడ స్టోరే మేలు. వార్షిక చందాలో కథ తిరగబడుతుంది. 59.99 డాలర్లపై ఆ 30 సెంట్లు ఒక్కసారే పోతాయి కనుక వెబ్‌లో 57.53, స్టోర్‌లో 15 శాతం చొప్పున 50.99. వెబ్‌కు మారదలచినవారు ముందు వార్షిక చందాను వెబ్‌లో పెట్టడం వెనుక ఉన్న తర్కం ఇదే.

పెద్ద సంస్థలు ఈ తేడాను వాడుకరి మీదికే నెట్టిన సందర్భాలు ఉన్నాయి. 2023లో యూట్యూబ్ ప్రీమియం వెబ్ ధర 13.99 డాలర్లు, ఐఫోన్ యాప్‌లో 18.99. మామూలు రేటున 30 శాతం తీసేస్తే 18.99లో మిగిలేది 13.29. ఐదు డాలర్లు అదనంగా చెల్లించిన వాడుకరివల్ల సంస్థకు అందేది వెబ్ చందా మొత్తానికి కాస్త తక్కువే!

ఇంతవరకు చూసినది ఒక నెల, ఒక చెల్లింపు. చందాదారు విలువ అతడు ఎన్ని నెలలు ఉంటాడన్నదానిమీద ఆధారపడుతుంది. స్టోర్‌లో నెలకు నూటికి పదిమంది చందా మానేస్తున్నారనుకుంటే, సగటు చందాదారు పది నెలలు ఉంటాడు. 8.49 చొప్పున 84.90 డాలర్లు. వెబ్‌లో నెలకు పదకొండుమంది మానేస్తే 9.33ను 0.11తో భాగించాలి. 84.82 వస్తుంది. నూటికి ఒక్క మనిషి తేడాతో 84 సెంట్ల లాభం మొత్తం పోయింది.

ఆ ఒక్కరు ఎలా జారిపోతారు? చాలావరకు ఉద్దేశపూర్వకంగా కాదు. కార్డు గడువు తీరుతుంది, లేదా బ్యాంకు కొత్త కార్డు పంపుతుంది. ఐఫోన్‌లో అదే ఖాతాతో వాడుకరి మరెన్నో కొంటుంటాడు కనుక కార్డు త్వరగా సరిచేసుకుంటాడు. పైగా యాపిల్ విఫలమైన చెల్లింపును 60 రోజులవరకు తానే మళ్ళీ ప్రయత్నిస్తుంది. వెబ్‌లో ఆ పని, గుర్తుచేసే ఈమెయిళ్ళతో సహా, డెవలపర్‌దే. మరోవైపు, ఫోను సెట్టింగులలో చందా రద్దు చాలా సులువు కాబట్టి ఇష్టపూర్వకంగా మానేవారు స్టోర్‌లోనే ఎక్కువ కావచ్చు. ఈ రెండింటినీ విడదీయకుండా వచ్చిన మొత్తం అంకెనుబట్టి నిర్ణయించడం పొరపాటు. యాపిల్ పంపే `EXPIRED` సందేశంలో `VOLUNTARY`, `BILLING_RETRY` అన్న ఉపరకాలు ఇందుకు పనికివస్తాయి. స్ట్రైప్‌లో `invoice.payment_failed` తరువాత ముగిసిన చందాలను వేరుగా లెక్కించాలి.

చెల్లింపు పేజీ దగ్గర తగ్గిపోయేవారి లెక్క దీనికి ముందుది. యాప్‌లో రెండుసార్లు బొత్తాం నొక్కితే కొనుగోలు పూర్తవుతుంది. వెబ్‌లో బ్రౌజరు తెరుచుకుంటుంది, ఈమెయిలు అడుగుతుంది, కార్డు అడుగుతుంది. యాప్‌లో నూరుమంది కొనేచోట వెబ్‌లో కనీసం ఎందరు కొనాలన్నది పై అంకెలే చెబుతాయి. 30 శాతం కట్టేవారికి 75 మంది చాలు. 15 శాతం కట్టేవారికి 91 మంది కావాలి. పెద్ద సంస్థకు లాభించే మార్పు చిన్న సంస్థకు నష్టం కాగలగడం ఇక్కడే. ఈ నిష్పత్తిని తెలుసుకోవడానికి కొత్త వాడుకరులను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు స్టోర్ బొత్తాం, మరొకదానికి వెబ్ లింకు చూపాలి. తమంతట తామే వెబ్‌సైటుకు వచ్చి కొన్నవారితో పోల్చరాదు. వారు కొనాలని నిశ్చయించుకునే వచ్చారు.

అమ్మకం పన్ను సంగతి మిగిలింది. అమెరికా స్టోర్‌లో దానిని వసూలు చేసి రాష్ట్రాలకు కట్టేది యాపిల్. వెబ్‌లో అమ్మేది డెవలపరే. 2018లో వేఫేర్ కేసు తీర్పు తరువాత, తమకు ఏ కార్యాలయమూ లేని రాష్ట్రంలోనూ అమ్మకాలు ఒక పరిమితి దాటితే పన్ను వసూలు చేయవలసి ఉంటుంది. ఆ భారం వద్దనుకుని, పన్ను బాధ్యతతో సహా తామే అమ్మకందారుగా వ్యవహరించే ప్యాడిల్ వంటి సంస్థలను ఆశ్రయిస్తే ప్రకటిత రుసుము 5 శాతం, దానిపై 50 సెంట్లు. 9.99లో మిగిలేది 8.99. పదిహేను శాతం కట్టే చిన్న యాప్‌కు స్టోర్‌కంటే సరిగ్గా అర డాలరు ఎక్కువ. అప్పుడు ప్రతి నూరుమందికి వెబ్‌లో 95 మంది కొనితీరాలి.