అంగుళానికి అడుగు

పక్షవాతం వచ్చిన మా మేనమామ ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చేసరికి మెట్ల పక్కన సిమెంటు ర్యాంపు సిద్ధంగా ఉంది. వాళ్లది భీమవరం దగ్గరి పల్లె. వానలకు నీళ్లు నిలుస్తాయని ఇంటిని నేల మీంచి 18 అంగుళాలు లేపి కట్టారు. ఆ ఎత్తుకు మేస్త్రి పోసిన ర్యాంపు పొడవు 6 అడుగులు. దాని మీద మోటారు సైకిలు సులువుగానే ఎక్కేది. అత్తయ్య మాత్రం కుర్చీని సగం దాకా తోసి ఆగిపోయింది. పైకి నెట్టే బలం లేదు, వదిలితే వెనక్కి దొర్లిపోతుంది. పక్కింటి అబ్బాయి పరుగున వచ్చి పట్టుకున్నాడు.

మామయ్య, కుర్చీ కలిపి 84 కిలోలు. నాలుగడుగులకు అడుగు లేచే ఆ వాలు మీద కుర్చీని కదలకుండా ఆపడానికే దాదాపు 21 కిలోల బరువు చేతుల మీద పడుతుంది. పన్నెండు అడుగులకు అడుగు లేచే వాలైతే అది 7 కిలోలే. అందుకే ఎత్తు అంగుళానికి అడుగు పొడవు ఉండాలంటారు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉన్నది ఈ లెక్కే. ఇది గరిష్ఠ హద్దు. చోటు ఉంటే ఇంకా పొడవుగా పోసుకోవడం మేలు, ముఖ్యంగా కుర్చీలోని మనిషి తన చేతులతోనే చక్రాలు తిప్పుకునేటప్పుడు.

18 అంగుళాలకు 18 అడుగులు కావాలి. వరండా నుంచి గేటుకు ఉన్నది 20 అడుగులు. ర్యాంపు నేరుగా పోస్తే దిగిన చోట కుర్చీ తిరగడానికి రెండడుగులే మిగులుతాయి, కనీసం ఐదడుగులైనా కావాలి. అందుకని పాతది పగలగొట్టి వాలును మలుపు తిప్పాం. వరండా పక్క అంచు నుంచి ఇంటి గోడ వెంబడి 9 అడుగుల వాలు, మూలన ఐదడుగుల చదరపు ల్యాండింగ్, అక్కడ గేటు వైపు తిరిగి ఇంకో 9 అడుగులు. వాలు మీదే కుర్చీని మలిపితే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, అందుకే మలుపు చదునుగా ఉండాలి. ల్యాండింగ్ పొడవును వాలు లెక్కలో కలపకూడదు. ఇక్కడే చాలామంది తప్పుతారు.

వెడల్పును నాపల అంచుల మధ్య కాదు, పట్టుకమ్మీల మధ్య కొలవాలి. మేం 4 అడుగులు ఉంచాం. కుర్చీ సుమారు రెండడుగుల పైచిలుకే అయినా చక్రం తిప్పే మోచేతులు పక్కలకు వస్తాయి. గోడ లేని వైపు అంచున 4 అంగుళాల గట్టు కట్టించాం. అది లేకపోతే ముందరి చిన్న చక్రం అంచు దాటి జారుతుంది.

కమ్మీలు రెండు వైపులా పెట్టాలి. మామయ్యకు కుడి చెయ్యి పనిచేయదు. ఎక్కేటప్పుడు ఎడమన ఉండే కమ్మి దిగేటప్పుడు కుడి వైపుకు వస్తుంది. నిలబడి నడిచేవాళ్లకు నేల నుంచి 3 అడుగుల ఎత్తున ఒక వరస, కుర్చీలో ఉన్నవాళ్లకు రెండున్నర అడుగుల ఎత్తున ఇంకోటి వేయించాం. పిడికిట్లో ఇమిడే ఒకటిన్నర అంగుళాల గుండ్రటి పైపు చాలు. గోడకు దానికి మధ్య రెండంగుళాల సందు ఉంటే వేళ్లు నలగవు. కమ్మి వాలు దాటి రెండు చివర్లా ఇంకో అడుగు సాగాలి, ఎందుకంటే తూలేది ఎక్కువగా ఆ మొదటి, చివరి అడుగుల దగ్గరే.

పోసిన వాలు సరిగ్గా ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. నాలుగడుగుల బద్ద ఒక కొసను వాలు మీద ఆనించి, రసమట్టంతో బద్దను మట్టానికి పట్టుకోండి. దిగువ కొస కింద ఖాళీ 4 అంగుళాలు మించితే వాలు ఎక్కువైనట్టే. మా రెండో వాలు మొదట 5 అంగుళాలు చూపింది. సిమెంటు పచ్చిగా ఉండగానే సరిచేయించాం. పైన నున్నటి టైల్స్ వద్దన్నాం. వాన పడితే అవి జారతాయి. వాలుకు అడ్డంగా చీపురుతో గీతలు గీయించాం. కింద నేల కలిసే చోట అర అంగుళం మెరక మిగిలినా చిన్న చక్రం తట్టుకుని మనిషి ముందుకు తూలిపోతాడు. అక్కడ ఇసుక సిమెంటుతో మెత్తి, నేలతో సమం చేశారు.

ఇంత చేశాక గడప అడ్డొచ్చింది. రెండంగుళాల ఎత్తు. పసుపు కుంకుమలు పెట్టే గడపను కొట్టించడానికి అత్తయ్య ఒప్పుకోలేదు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. లోపలొకటి, బయటొకటి రెండడుగుల చెక్క వాలు పలకలు వడ్రంగి చేసిచ్చాడు. వరండా ఎనిమిది అడుగుల వెడల్పు గనక, పలక పోగా కుర్చీ నిలవడానికి చోటు మిగిలింది. పండగరోజు పలకలు తీసి పక్కన పెట్టి గడపకు పసుపు రాస్తారు.

పాత మెట్లను మాత్రం తీసేయలేదు. వాటి పక్కన కూడా ఒక కమ్మి పెట్టించాం. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు వాలు మీద పాదం ముందుకు జారుతున్నట్టుంటుందట, మెట్టు మెట్టుగా దిగడమే ఆమెకు తేలిక.