చెల్లెలి సంతకం లేని దస్తావేజు

ఫ్లాట్ కొనేముందు అందరూ ఈసీ తీయిస్తారు. ముప్పై ఏళ్ల ఈసీలో తాకట్టు ఏదీ కనిపించకపోతే ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఈసీలో ఉండేవి రిజిస్టరైన లావాదేవీలే. ఎవరు చనిపోయారో, వారసులెవరో అందులో ఉండదు. రిజిస్ట్రేషన్ అయ్యేది కూడా దస్తావేజుకే. అమ్మినవాడికి హక్కుందని సబ్‌రిజిస్ట్రార్ హామీ ఇవ్వడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకాయన స్వార్జితం 4,000 గజాలు. భార్య ముందే పోయింది, ఆయన వీలునామా రాయకుండా పోయాడు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమాన వాటా. 2010లో అన్నదమ్ములు ముగ్గురే సంతకాలు పెట్టి స్థలాన్ని బిల్డర్‌కి అమ్మేశారు. అక్కడ వంద ఫ్లాట్లు లేచాయి. 2018లో మీరు ఒకటి కొన్నారు, దాంతోపాటు 40 గజాల అవిభాజ్య వాటా వచ్చింది. 2021లో ఆ చెల్లెలు పార్టిషన్ దావా వేసింది. ఆమె గెలిస్తే 1,000 గజాలు ఆమెవి. ఆ భారం అందరి మీదా సమానంగా పడితే మీ వంతు 10 గజాలు. గజం లక్ష చొప్పున పది లక్షలు. తీర్పు వచ్చేదాకా ఫ్లాట్ అమ్మబోయినా కొనేవాళ్లు వెనకాడతారు.

మీ దగ్గర గృహబీమా ఉందనుకోండి. భారత్ గృహ రక్ష లాంటి పాలసీ నిప్పు, వరద, భూకంపం వంటివాటికి. గోడ కూలితే మళ్లీ కట్టుకునే ఖర్చిస్తుంది. మీ గోడ మాత్రం నిక్షేపంగా ఉంది, పోయేది నేల. నేల విలువ ఆ పాలసీ లెక్కలోకే రాదు.

టైటిల్ బీమా చూపు వెనక్కి. పాలసీ తేదీకి ముందే హక్కులో దాగి ఉన్న లోపం తర్వాత బయటపడితే లాయరు ఖర్చులు, నష్టం పాలసీ పరిమితి వరకూ ఇస్తుంది. ప్రీమియం మామూలుగా ఒక్కసారే కడతారు. మీకు ముందే తెలిసి దాచిన తగాదాకు, పాలసీ తర్వాత పుట్టిన గొడవకు రాదు.

2016 రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం, టైటిల్ లోపం వల్ల కలిగిన నష్టానికి బిల్డరే పరిహారమివ్వాలి. దానికి కాలపరిమితి అడ్డురాదు. మంచి రక్షణే, కానీ అప్పటికి ఆ కంపెనీ దివాలా తీస్తే చేతికేం వస్తుంది? బీమా అవసరం అక్కడే. 16వ సెక్షన్ బిల్డర్ తన ఖర్చుతో టైటిల్ బీమా తీసుకోవాలంటుంది. అగ్రిమెంట్ రాసుకున్నాక ఆ ప్రయోజనం కొన్నవాళ్లకు బదిలీ అవుతుంది. అయితే ఏ బీమా తీసుకోవాలో ప్రభుత్వం నోటిఫై చేయాలి కాబట్టి ప్రతి ప్రాజెక్టుకూ ఉంటుందనుకోవద్దు. అడ్వాన్స్ ఇవ్వకముందే పాలసీ కాపీ అడగండి. మొత్తం ఎంత, ఎన్నేళ్లు, క్లెయిమ్ చేసే హక్కు ఎవరిదో చూడండి. ఆ తర్వాత మినహాయింపుల పేజీ తెరవండి. అక్కడ ‘వారసుల క్లెయిములు’ అని కనిపిస్తే, పైన చెప్పిన చెల్లెలి దావాకు ఆ పాలసీ పైసా ఇవ్వదు.