గుంటల లెక్క

తెలంగాణలో 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఊరూరా పహాణీలు బీరువాల్లోంచి బయటికొచ్చాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, శిస్తు, నీటి వనరు ఇలా ఒక్కో పొలం గురించి ఏడాదికేడాది చేత్తో రాసిన పుస్తకాలవి. వాటిని కంప్యూటర్లో గళ్లుగా మార్చే పని చాలాచోట్ల డేటా ఎంట్రీ ఆపరేటర్ల మీద పడింది. ఆ పని ఎలా సాగుతుందో ఒక చిన్న కథగా చెబుతాను. ఇందులో ఊరు, మనుషులు, అంకెలు కల్పితం. చిక్కులు మాత్రం నిజమైనవే.

డిగ్రీ చదివిన అమ్మాయి. పంచాయతీ ఆఫీసులో ఓ మూల టేబులు, పాత కంప్యూటరు. పక్కన వీఆర్వో, ఎదురుగా పహాణీ. మొదటి పేజీ తెరవగానే అర్థమైంది, ఇది చూసి కొట్టేసే పని కాదని. ఒక పేరు ఎర్ర సిరాతో కొట్టేసి పైన ఇంకో పేరు. ఆ పక్కన బ్రాకెట్లో ఫైలు నంబరు, సగం చెదపట్టింది. కింద వరుసల్లో పేరే లేదు, ‘సదరు’ అని రాసి వదిలేశారు. పైనున్న పట్టాదారే అని దానర్థం. పుస్తకంలో అది బాగానే ఉంటుంది, కన్ను పైకి వెళ్తుంది కాబట్టి. పట్టికలో అట్లా ఉంచి అక్షరక్రమంలో సార్ట్ చేస్తే మాత్రం ‘సదరు’లన్నీ ఒకచోట గుంపుగా చేరతాయి, ఎవరి భూమి ఎవరిదో ఇక చెప్పలేం. అందుకే ప్రతి వరుసలో పేరు పూర్తిగా నింపింది. వరుస మొదట్లో రెండు గళ్లు అదనంగా పెట్టింది: పహాణీ పేజీ నంబరు, ఆ పేజీలో ఎన్నో వరుస అనేది. తర్వాత ఏ అనుమానం వచ్చినా పుస్తకంలో ఆ చోటికే తిరిగి వెళ్లేందుకు అదొక్కటే దారి. చాలామంది ఆపరేటర్లు ఈ రెండు గళ్లు పెట్టరు. తర్వాత ఏడుస్తారు.

విస్తీర్ణం దగ్గర అసలు గొడవ మొదలైంది. పహాణీలో 3-08 అని ఉంటే మూడెకరాల ఎనిమిది గుంటలు. ఆమె అట్లాగే టైపు చేసి ఎంటర్ నొక్కింది. గడిలో 03-Aug అని వచ్చింది. ఎక్సెల్‌కు అది తేదీలా కనిపించింది మరి. 11/2 అనే సర్వే నంబరు కూడా ఫిబ్రవరి 11 అయిపోయింది. గడిని టెక్స్ట్‌గా మారిస్తే పాతది తిరిగి వస్తుందనుకుంటే అదీ రాదు, నలభై వేలు దాటిన ఏదో అంకె వస్తుంది. అది ఎక్సెల్ తేదీలను లోపల దాచుకునే సంఖ్య. టైపు చేయకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి, తర్వాత చేసి లాభం లేదు.

ఈ గొడవ తప్పించుకోడానికి గీతకు బదులు చుక్క పెట్టింది. సర్వే నంబరు 112లో నాలుగు బై నంబర్లు: అ, ఆ, ఇ, ఈ. విస్తీర్ణాలు 3.08, 2.20, 1.30, 0.38. కింద మొత్తం 6.96 అని వచ్చింది. సేత్వార్‌లో, అంటే పాత సర్వేలో ప్రతి నంబరుకూ కట్టిన అసలు విస్తీర్ణాల రికార్డులో, 112కు 8-16 ఉంది.

“ఎకరం ఇరవై గుంటలు ఎటు పోయినయమ్మా?” అన్నాడు వీఆర్వో, 8.16లోంచి 6.96 తీసేసి.

ఆ సమయానికి గుమ్మం దగ్గర కూర్చున్న ముసలాయన ఒకప్పటి పట్వారీ. 1984లో పట్వారీ, పటేల్ వ్యవస్థ రద్దయినప్పుడు ఉద్యోగం పోయినా, పాత రాత చదవాలంటే ఊళ్లో ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు.

“యాడికీ పోలేదు బిడ్డా. తొంభై ఆరు గుంటలంటే ఎన్ని ఎకరాలు?”

ఎకరానికి 40 గుంటలు. 96లో రెండెకరాలు పోను పదహారు గుంటలు. ఆరుకు రెండు కలిపితే ఎనిమిది. 8-16. అంతా ఉంది. ఆంధ్రలో అయితే ఎకరానికి వంద సెంట్లు కాబట్టి చుక్క లెక్క సరిపోతుంది, గుంటలకు మాత్రం కుదరదు. పైగా 2.20ని కంప్యూటర్ 2.2గా చూపిస్తుంది. అది రెండు గుంటలో, ఇరవై గుంటలో తర్వాత చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

అప్పుడామె ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి విడదీసింది. మూడో గడిలో అంతా గుంటలు చేసింది. ఎకరాలు C, గుంటలు D, మొత్తం గుంటలు E అనుకుంటే, మొదటిది ప్రతి వరుసకూ, తర్వాతి రెండూ నాలుగు వరుసల మొత్తం E6లో ఉన్నప్పుడు ఎకరాలూ గుంటలూ తిరిగి తీయడానికి:

```
=C2*40+D2
=INT(E6/40)
=MOD(E6,40)
```

112 లెక్క 128, 100, 70, 38. మొత్తం 336. సేత్వార్‌లోని 8-16 కూడా 336 గుంటలే. ఈ పద్ధతిలో ఇంకో లాభముంది. గుంటల గడిలో 40 గానీ అంతకు మించి గానీ కనబడిందంటే అక్కడ తప్పు పడ్డట్టే.

తర్వాతి నంబరు 113లో మొత్తం 222 గుంటలు వచ్చింది, సేత్వార్‌లో 204. తేడా 18. తేడా తొమ్మిదితో భాగం పోతే రెండంకెలు తారుమారై ఉంటాయేమో మొదట చూడాలని పద్దులు రాసేవాళ్లకు తెలిసిన పాత కిటుకు. పేజీ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే పహాణీలో 1-13, తాను కొట్టింది 1-31. దిద్దుకుంది.

114 దగ్గర ఈ కిటుకులేవీ పనిచేయలేదు. సేత్వార్ కంటే పహాణీలోనే 20 గుంటలు ఎక్కువ. మళ్లీ మళ్లీ చూసినా టైపింగ్ తప్పు లేదు. అర ఎకరం కొన్నవాడి పేరు కొత్త వరుసగా ఎక్కింది కానీ అమ్మినవాడి వరుసలో ఆ అర ఎకరం తగ్గలేదు. తెలంగాణ పహాణీల్లో ఇది అరుదైన సంగతేమీ కాదు. రాసే చేతికి కొత్త వరుస చేర్చడం గుర్తుంటుంది, పాతది దిద్దడం గుర్తుండదు.

“అమ్మినోడి దాంట్ల ఇరవై తగ్గించి రాయమ్మా, టోటల్ కలుస్తది,” అన్నాడు వీఆర్వో. పని తొందర ఆయనది.

“అమ్మినోళ్లు ఎవరో మనం అనుకునుడే కదా సార్. ముగ్గురున్నరు ఇందుల.”

నిజమే. పాత వరుసలు ముగ్గురివి. కొన్నవాడు ఎవరి దగ్గర కొన్నాడో పహాణీలో లేదు. ఆ పక్కన ఉండాల్సిన ఫైలు నంబరు చెదలు తిన్న భాగంలో పోయింది. రిజిస్ట్రీ దస్తావేజు చూసి, అందరికీ నోటీసులిచ్చి తేల్చాల్సింది తహసీల్దారు. ఆమె విస్తీర్ణాలు పుస్తకంలో ఉన్నట్టే ఉంచి, చివరి గడిలో ‘సేత్వార్ కంటే 20 గుంటలు ఎక్కువ, బదిలీ ఆధారం చదవరాలేదు’ అని రాసింది.

పట్టిక చూడ్డానికి ఎంత నీటుగా ఉంటే దాన్ని అంతగా నమ్ముతాం. కొట్టివేతలున్న పహాణీని చూసిన అధికారి ఎలాగూ అనుమానపడతాడు. గీతలు సరిగ్గా ఉన్న ప్రింటవుట్‌ను ఎవరూ అడగరు. అందుకే నా దృష్టిలో ఆ చివరి గడే మొత్తం పట్టికలో విలువైనది.

దాని ఖరీదు మాత్రం తక్కువ కాదు. ప్రక్షాళనలో వివాదం లేని భూములను పార్ట్-ఎలో, తేలనివాటిని పార్ట్-బిలో పెట్టారు. 114 పార్ట్-బిలోకి వెళ్లింది. పార్ట్-బి అంటే కొత్త పాసు పుస్తకం ఆగేది. అది లేకపోతే 2018లో మొదలైన రైతుబంధు డబ్బూ వచ్చేది కాదు. ఆ నంబరులోని నలుగురూ ఆమె ఇంటి ముందుకొచ్చి అడిగారు, ఇరవై గుంటల కోసం మా అందరినీ ఆపుతవా అని. అమ్మనే అమ్మని ఇద్దరి కోపం మరీ ఎక్కువ. వీఆర్వో చెప్పినట్టు అంచనాతో తగ్గించి ఉంటే ఆ ఇరవై గుంటలు పోయేది ఆ ఇద్దరిలో ఎవరివో కావచ్చు. పాసు పుస్తకం చేతికొచ్చేదాకా వాళ్లకు తెలిసేదీ కాదు. ఆమె నలుగురికీ పేజీ నంబరు, వరుస నంబరు చీటీ మీద రాసిచ్చి, దస్తావేజు నకలుతో తహసీల్దారుకు దరఖాస్తు పెట్టుకోమంది.