సూపు తేటగా రావాలంటే సెగ తగ్గించండి

‘రెండు రోజులుగా అమ్మకు బొమికల సూపే పోస్తున్నాం సార్, ఎముక తొందరగా అతుక్కుంటుంది కదా?’ అంటూ సున్నిపెంట నుంచి వచ్చిన ఒకాయన ఫ్లాస్కు మూత తీశారు. సూపు తెల్లగా, చిక్కగా ఉంది. పైన కొవ్వు తేలుతోంది. తుంటి ఎముక విరిగిన ఆ పెద్దావిడ రెండు గుక్కలు తాగి, వికారమంటూ పక్కన పెట్టేశారు. ఎలా చేశారని అడిగితే, ‘కుక్కర్‌లో పెద్ద మంట మీద పది విజిల్స్ రానిచ్చాం’ అన్నారు.

సూపు అలా తెల్లబడటం బలానికి గుర్తని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మంట ఎక్కువైందనడానికి గుర్తు.

ఎముకలకు అంటుకున్న మాంసం, రక్తంలోని ప్రొటీన్లు చల్లటి నీళ్లలో కరుగుతాయి. నీళ్లు మెల్లగా వేడెక్కితే అవి గడ్డకట్టి, పెద్ద తెట్టుగా పైకి తేలుతాయి. గరిటెతో తీసేయొచ్చు. నీళ్లు సలసల మరిగితే ఆ తెట్టు పొడిపొడిగా విరిగి సూపంతా కలిసిపోతుంది. కొవ్వు కూడా సన్నని బిందువులుగా చెదిరిపోతుంది. ఎముకల నుంచి దిగిన జెలటిన్ వాటిని మళ్లీ ఒకచోట చేరనివ్వదు. కవ్వంతో చిలికినట్టే. అందుకే పాలలా కనిపిస్తుంది. అది విషమేమీ కాదు. పాయా అలా ఉంటేనే చాలామందికి ఇష్టం. కానీ కొవ్వు సూపులోనే ఉండిపోతుంది కాబట్టి, ఆకలి లేని రోగికి వికారం కలిగించవచ్చు.

ఇలా చేసి చూడండి. అర కిలో మేక నల్లి ఎముకలను కడిగి, అరగంట చల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. మళ్లీ లీటరున్నర చల్లటి నీళ్లు పోసి సన్నని సెగ మీద పెట్టండి. మొదటి అరగంట దగ్గరుండి తెట్టు తీసేయండి. ఆ తర్వాత ఉల్లిపాయ, అల్లం, నాలుగు మిరియాలు వేసి, మూత కొంచెం తెరిచి ఉంచండి. థర్మామీటర్ అక్కర్లేదు. శ్రీశైలం లాంటి కొండ మీదైతే నీళ్లు 100 డిగ్రీలకు కొంచెం ముందే మరుగుతాయి కూడా. బుడగలనే చూసుకోండి. అక్కడొకటి ఇక్కడొకటి పైకి వస్తుంటే సెగ సరిపోయినట్టే. నీళ్లంతా కదులుతుంటే మంట తగ్గించండి. గరిటెతో కలపొద్దు. మేక ఎముకలకు మూడు నాలుగు గంటలు, కోడి ఎముకలకు రెండు గంటలు చాలు. ఎముకలు నీళ్లలో మునిగే ఉండాలి, తగ్గితే కాసిన్ని పోయండి. చివర్లో పలుచటి గుడ్డలో వడకట్టి, ఉప్పు వేయండి.

గ్యాస్ ఖర్చని కుక్కర్ వాడినా తప్పులేదు. ముందు మూత పెట్టకుండానే తెట్టు తీసేయండి. ప్రెషర్ వచ్చాక విజిల్ రానంతగా మంట తగ్గించండి. విజిల్ వేసిన ప్రతిసారీ ఆవిరి ఒక్కసారిగా పోయి, లోపల నీళ్లు ఎగిరెగిరి మరుగుతాయి. ఆవిరిని చేత్తో వదిలేసినా అంతే. దానంతట అదే చల్లారనివ్వండి.

శ్రీశైలం క్షేత్రంలో ఉండేవారు, శాకాహారులు కూరగాయలతో చేసుకోవచ్చు. ఉల్లి, క్యారెట్, బీన్స్, ఒక టమాటా, కొత్తిమీర కాడలు ముప్పై నలభై నిమిషాలు సన్నని సెగ మీద ఉడికితే చాలు. ఎక్కువసేపు ఉంచితే ముక్కలు చిదికి మడ్డి అవుతుంది. బంగాళాదుంప వేస్తే పిండిపదార్థం దిగి మసకబారుతుంది. వడకట్టేటప్పుడు ముక్కల్ని పిండొద్దు.

సూపును వెడల్పాటి గిన్నెలో పోసి, ఆ గిన్నెను చల్లటి నీళ్లలో ఉంచి చల్లార్చండి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి కొవ్వు పైన బిళ్లలా గడ్డకడుతుంది, తీసేయండి. కింద సూపు జున్నులా వణికితే జెలటిన్ బాగా దిగినట్టు. మూడు రోజుల్లో వాడేయండి. తాగే ముందు మాత్రం బాగా మరిగించాల్సిందే.

ఇక ఆయన అడిగిన అసలు ప్రశ్న. ఎముకల్లోని క్యాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. గ్లాసు పాలలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. సూపులో అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. జెలటిన్ ప్రొటీనే అయినా, శరీరానికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అందులో లేదు. అందుకే సూపు ఒక్కటే తాగిస్తే ఎముక అతకడానికి కావలసింది అందదు. యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవారు ఎముకల సూపు, కిడ్నీ జబ్బున్నవారు ఏ సూపైనా డాక్టర్‌ను అడిగాకే తాగాలి.

ఆ పెద్దావిడకు పొద్దున గుడ్డు, మధ్యాహ్నం పప్పుతో మెత్తటి రాగి సంగటి, రాత్రి పాలు ఇవ్వమని చెప్పాం. సూపు మానమనలేదు. కొవ్వు తీసిన తేట సూపు సంగటిలోకి పోశారు. ఈసారి గిన్నె ఖాళీ అయింది.