సంచిలో వేసే ఆ నాలుగు వరుసలు

పెళ్లిభోజనం అయి చేతులు కడుక్కుని గుమ్మం దాకా వస్తే, అక్కడ బల్ల దగ్గర నిలబడ్డ పిన్నిగారో వదినగారో బొట్టు పెట్టి తాంబూలం సంచి చేతిలో పెడతారు. పూర్వం అందులో ఆకూ వక్కా, పండూ, కొబ్బరికాయా, జాకెట్ ముక్కా ఉండేవి. ఇప్పుడు రిటర్న్ గిఫ్టూ, దానితో ఓ చిన్న కార్డూ చేరాయి. శుభలేఖ రాయడానికి ఇంటిల్లిపాదీ కూర్చుంటారు గానీ, ఈ కార్డు సంగతి ప్రింటింగ్ ప్రెస్ వాళ్లకే వదిలేస్తారు. వాళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఉన్న మాటల్లోనే పేర్లు మార్చి వేసి ఇస్తారు. ఆ మాటలు దాదాపు ఇలా ఉంటాయి:

‘మా ఆహ్వానమును మన్నించి విచ్చేసి, మా కుమార్తె చి.ల.సౌ. సుజాత, చి. వేణుల వివాహ మహోత్సవమును కనులారా తిలకించి, నూతన దంపతులను ఆశీర్వదించి, మా విందును స్వీకరించిన మీకు హృదయపూర్వక కృతజ్ఞతాభివందనములు. ఇట్లు, సుజాత – వేణు.’

ముందు ఆ ‘కనులారా తిలకించి’ సంగతి చూడండి. మన ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రివో తెల్లవారుజామువో. ముహూర్తం రాత్రి 2.40కి అయితే, పిలిచినవాళ్లలో ఎక్కువమంది ఎనిమిదింటికి వచ్చి, భోంచేసి, పదింటికల్లా బయల్దేరతారు. సంచి అందుకునేసరికి జీలకర్ర బెల్లం ఇంకా పళ్లెంలోనే ఉంటుంది. చూడని పెళ్లిని చూసినందుకు కృతజ్ఞతలంటే ఏం బాగుంటుంది? ఉపవాసమనో, మరో పెళ్లి ఉందనో భోంచేయకుండా వెళ్లేవాళ్లకు ‘విందును స్వీకరించిన’ కూడా నప్పదు. అందరూ చేసిన పని ఒక్కటే, రావడం. మాట దాని మీదే నిలవాలి.

తేదీ దగ్గరా ఇదే చిక్కు. బుధవారం రాత్రి 2.40, అంటే తెల్లవారితే గురువారం. మనకు సూర్యోదయం దాకా బుధవారమే, గడియారానికి మాత్రం గురువారం వచ్చేసింది. కార్డు మీద తేదీ వేయాలనుకుంటే శుభలేఖలో ఉన్నదే వేయండి. లేదా నెలా సంవత్సరంతో సరిపెట్టండి.

ఇక అసలు తప్పు గొంతుది. ‘మా కుమార్తె’ అన్నది తల్లిదండ్రులు. కింద ‘ఇట్లు’ అని పేర్లు పెట్టింది పెళ్లికూతురూ పెళ్లికొడుకూ. చి.ల.సౌ., చి. అనేవి పెద్దవాళ్లు పిల్లలకు పెట్టేవి, తమకు తాము పెట్టుకునేవి కావు. కార్డులో మాట్లాడుతున్నది ఎవరో ముందు తేల్చుకుంటే సగం మాటలు వాటంతటవే రాలిపోతాయి. ఆడపెళ్లివారి తరఫున పెద్దలు చెబితే ఇంతే చాలు:

‘మా సుజాత, వేణుల పెళ్లికి వచ్చి,
మా సంతోషంలో పాలుపంచుకున్న మీకు
మా నమస్కారాలు.
– లక్ష్మి, రామారావు, గుంటూరు’

పిల్లలే చెప్పుకుంటే:

‘మా పెళ్లికి వచ్చినందుకు ధన్యవాదాలు.
పెద్దలకు నమస్కారాలు, స్నేహితులకు ప్రేమతో
– సుజాత, వేణు’

తాతగారికీ ఆఫీసు మిత్రుడికీ ఒకే కార్డు వెళుతుంది కాబట్టి ఆ రెండో వరుస అవసరమే. ‘మీ దీవెనలకు’ అని మాత్రమే వేస్తే వేణు క్లాస్‌మేట్లు నవ్వుకుంటారు. ‘మీరిచ్చిన కానుకలకు’ అన్న మాట పొరపాటున కూడా వద్దు. ఖాళీ చేతులతో వచ్చిన చుట్టానికి అది లెక్క అడిగినట్టుంటుంది.

వస్తువు గురించి ఒక వరుస చేర్చడం నాకు నచ్చుతుంది. ‘ఈ చిరుకానుక’ అనే బదులు ‘ఈ కుంకుమ భరిణె ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసిన లక్కపని. నీళ్లు తగలనీయకండి’ అంటే, తీసుకున్నవాళ్లకు అదేమిటో, ఎలా దాచుకోవాలో తెలుస్తుంది.

కార్డు సాధారణంగా విజిటింగ్ కార్డంత, సుమారు తొమ్మిది సెంటీమీటర్ల పొడవు, అయిదున్నర వెడల్పు. ఇంగ్లిషు అక్షరాలు అందులో ఎనిమిది పాయింట్ల సైజులోనూ చదవొచ్చు. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉన్నాయి కాబట్టి పన్నెండుకు తగ్గితే కళ్లజోడు వెతకాల్సిందే. నాలుగైదు వరుసలకు మించొద్దనేది అందుకే. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగును ప్రెస్‌లో పాత అను ఫాంట్లలోకి నేరుగా అతికిస్తే అక్షరాలు చెదురుతాయి. మళ్లీ టైపు చేస్తారు, అక్కడ కొత్త తప్పులు పుడతాయి. ‘కృతజ్ఞతలు’లో ‘జ’ కింద ‘ఞ’ ఒత్తు బదులు ‘ఙ’ ఒత్తు రావడం తరచూ కనిపించేదే. ప్రూఫ్‌ను ఫోన్‌లో పెద్దది చేసి కాకుండా, అసలు సైజులో కాగితం మీద తెప్పించుకుని చూడండి.

ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసుకుంటే ఇంకో జాగ్రత్త. తమలపాకులు తడిగా ఉంటాయి, కొబ్బరికాయ చెమ్మగిల్లుతుంది, రంగు కారిపోతుంది. కార్డును సంచి లోపల వేయకుండా, చిల్లు పొడిచి దారంతో పిడికి కట్టడం మేలు.